మూలికా ముఖ క్రీమ్ అమ్మకానికి ముందు: లేబుల్‌పై ఏం రాయాలి, ల్యాబ్‌లో ఏం చూపించుకోవాలి

వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో కలబంద, పసుపు, మంజిష్ఠ, వేప వంటివాటితో ముఖ క్రీములు తయారుచేసి అమ్మాలని అనుకునే చిన్న బ్రాండ్లు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. వీరిలో ఎక్కువమంది ముందు క్రీమ్ తయారుచేస్తారు, తర్వాత అందమైన డబ్బా ఎంచుకుంటారు, చివర్లో ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్లి లేబుల్ కొట్టిస్తారు, లైసెన్స్ సంగతీ పరీక్షల సంగతీ ఎవరైనా అడిగినప్పుడు చూద్దామనుకుంటారు. నా ఉద్దేశంలో ఈ క్రమం పూర్తిగా తిరగబడాలి. లేబుల్‌పై ఉండే ప్రతి వాక్యం వెనుక ఒక కాగితం ఉండాలి: లైసెన్సో, ల్యాబ్ నివేదికో, బ్యాచ్ రికార్డో. ఏ కాగితం లేని వాక్యాన్ని లేబుల్‌పై రాయకూడదు.

మాట గాలిలో పోకుండా ఉండటానికి ఒక నిర్దిష్టమైన క్రీమ్‌ను ఉదాహరణగా తీసుకుని మొదటినుంచి చివరిదాకా దాని వెంటే వెళ్దాం. అది 50 గ్రాముల డబ్బాలో అమ్మే కలబంద–పసుపు క్రీమ్. వంద గ్రాముల క్రీమ్‌లో 66 గ్రాముల డిస్టిల్డ్ వాటర్, 10 గ్రాముల కలబంద రసం, 12 గ్రాముల నువ్వుల నూనె, 6 గ్రాముల ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్, 4 గ్రాముల గ్లిజరిన్ ఉన్నాయి. మిగిలిన 2 గ్రాములను పసుపు ఎక్స్‌ట్రాక్ట్, విటమిన్ ఇ, వట్టివేరు నూనె, సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ తలా అర గ్రాము చొప్పున పంచుకుంటాయి.

మొదటి అడుగు: ఇది సౌందర్య సాధనమా, ఆయుర్వేద ఔషధమా?

ఈ నిర్ణయం అన్నిటికంటే ముందు జరగాలి, ఎందుకంటే లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి, లేబుల్‌పై ఏం రాయవచ్చు అన్నవి దీనిమీదే ఆధారపడతాయి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం శుభ్రపరచడానికి, అందంగా కనిపించేలా చేయడానికి, రూపాన్ని మార్చడానికి శరీరంపై రాసే, పూసే, చల్లే వస్తువు సౌందర్య సాధనం. రోగాన్ని నయం చేయడానికో, నివారించడానికో ఉద్దేశించినది ఔషధం. మన క్రీమ్‌లో ఏం కలిపామన్నది ఎంత ముఖ్యమో, దాని గురించి మనం ఏం చెబుతున్నామన్నదీ అంతే ముఖ్యం. అదే డబ్బాపై “చర్మాన్ని మృదువుగా, తేమగా ఉంచుతుంది” అని రాస్తే అది సౌందర్య సాధనం. “మంగు మచ్చలను నయం చేస్తుంది”, “తామరను తగ్గిస్తుంది” అని రాస్తే, లోపల క్రీమ్ మారకపోయినా, మనం దాన్ని మందుగా అమ్ముతున్నట్టే లెక్క.

మూలికలున్నాయి కాబట్టి ఆయుర్వేదం అనే భావన మనలో బలంగా ఉంది, అయితే చట్టం దృష్టిలో మూలికలు వాడటం వేరు, ఆయుర్వేద ఔషధంగా లైసెన్స్ పొందటం వేరు. ఆయుర్వేద ఔషధంగా అమ్మాలంటే ఆయుష్ విభాగం పరిధిలోని లైసెన్సింగ్ అధికారి నుంచి ఔషధ తయారీ లైసెన్స్ తీసుకోవాలి. అప్పుడు లేబుల్ నియమాలు కూడా మారతాయి, పదార్థాలను వృక్షశాస్త్ర నామాలతో, పరిమాణాలతో సహా తెలపాల్సి ఉంటుంది. మన ఉదాహరణలోని క్రీమ్‌ను సౌందర్య సాధనంగానే ఉంచుదాం, ఎందుకంటే రోజూ ముఖానికి రాసుకునే తేమ క్రీమ్‌కు ఈ దారి సరిపోతుంది. ఇలా నిర్ణయించుకున్న తర్వాత లేబుల్‌పైనే కాదు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్లోనూ, వాట్సాప్ క్యాటలాగ్‌లోనూ “ఆయుర్వేద మందు” అన్న మాట వాడకూడదు. ప్రకటనలో చెప్పినదీ లేబుల్‌పై రాసినదీ వేర్వేరుగా ఉంటే అధికారులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

రెండో అడుగు: తయారీ ఎవరి పేరుమీద, ఎక్కడ?

సౌందర్య సాధనాల తయారీకి ఇప్పుడు వర్తించేవి 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థ. సొంత తయారీ కేంద్రానికి సీఓఎస్-5 దరఖాస్తు చేస్తే సీఓఎస్-8 రూపంలో లైసెన్స్ వస్తుంది. వేరొకరి లైసెన్స్ ఉన్న కేంద్రంలో మన ఉత్పత్తిని మన పేరుతో తయారు చేయించుకునే లోన్ లైసెన్స్‌కు సీఓఎస్-6 దరఖాస్తు, సీఓఎస్-9 లైసెన్స్. ఇంటి వంటగదిలో తయారుచేసి అమ్మడానికి ఈ నియమాల్లో చిన్న వ్యాపారులకంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. తక్కువ పరిమాణంలో చేస్తున్నామనో, తెలిసినవాళ్లకే అమ్ముతున్నామనో అనుకుంటే సరిపోదు.

సొంత కేంద్రానికి తగిన స్థలం, మిక్సింగ్ ట్యాంకు, హోమోజినైజర్, నింపే యంత్రం, అర్హత ఉన్న సాంకేతిక సిబ్బంది కావాలి. నెలకు రెండు మూడు వందల డబ్బాలు అమ్మే బ్రాండ్‌కు ఇది పెద్ద భారం. కాబట్టి మొదటి రెండేళ్లు లైసెన్స్ ఉన్న తయారీదారుతో ఒప్పందం చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. అలా చేసేటప్పుడు ఆ తయారీదారు లైసెన్స్ నకలు తీసుకుని, అందులో “క్రీములు” అనే వర్గం ఉందో లేదో మీరే చదవండి. సబ్బుల తయారీకి మాత్రమే లైసెన్స్ ఉన్నవారు క్రీమ్ చేసిస్తామంటే ఒప్పుకోకూడదు. ఆ లైసెన్స్ నంబరే రేపు మీ లేబుల్‌పై ఉంటుంది.

ఇంకొక హెచ్చరిక. పెద్ద నగరాల హోల్‌సేల్ బజార్లలో పేరు లేని “బేస్ క్రీమ్” కిలోల లెక్కన దొరుకుతుంది, అందులో కాస్త పసుపు, కాస్త సువాసన కలిపి అమ్మేద్దామని కొందరు ఆలోచిస్తారు. పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, విశ్లేషణ పత్రం లేని బేస్‌ను ఏ పరిస్థితిలోనూ కొనకండి. తెలుపు వేగంగా వస్తుందని చెప్పే ఇటువంటి బేస్‌లలో పాదరసం, స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ బయటపడిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. పాదరసం చర్మం గుండా లోపలికి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్‌ను నెలల తరబడి రాసుకుని మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. డబ్బాపై మీ పేరుంటే ఆ నష్టానికి జవాబుదారీ మీరే.

మూడో అడుగు: ముడి సరుకుల కాగితాలు

మన క్రీమ్‌లో అత్యంత జాగ్రత్తగా చూడాల్సిన ముడి సరుకు పసుపు. ఎనుమాముల మార్కెట్‌కూ, నిజామాబాద్ ప్రాంతానికీ దగ్గరగా ఉన్నాం కాబట్టి మంచి పసుపు కొమ్ములు దొరకడం మనకు కష్టం కాదు. కానీ దేశంలో అక్కడక్కడా పసుపు రంగు నిగనిగలాడటానికి లెడ్ క్రోమేట్ అనే సీసం లవణం పూసిన ఉదంతాలు ఉన్నాయి. పొడిగా కొంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కొమ్ములు కొని కడిగి పొడి చేయించుకోవడమో, విశ్లేషణ పత్రంతో పాటు ఎక్స్‌ట్రాక్ట్ కొనడమో మంచిది. ఆ పత్రంలో సీసం, ఆర్సెనిక్ విలువలు అంకెల్లో ఉండాలి, “పాస్” అన్న ఒక్క ముక్క చాలదు.

కలబంద రసం విషయంలో సమస్య వేరు. పొద్దున కోసిన మట్టను గిన్నెలో గీకి నేరుగా క్రీమ్‌లో కలిపితే అందులో మట్టి నుంచి, ఆకు పైనుంచి వచ్చే సూక్ష్మజీవులన్నీ కలిసిపోతాయి. పైగా ఆకు తొక్క కింద ఉండే పసుపు పచ్చని పాలు కొందరి చర్మానికి దురద పుట్టిస్తాయి. వడకట్టి, వేడిచేసి, సంరక్షించిన కలబంద రసాన్ని కొంటే ఖర్చు కాస్త పెరుగుతుంది కానీ ప్రతి బ్యాచ్ ఒకేలా ఉంటుంది. ఒక్కొక్క ముడి సరుకుకు కొన్న తేదీ, సరఫరాదారు పేరు, వారి బ్యాచ్ నంబరు, విశ్లేషణ పత్రం ఒకే ఫైలులో పెట్టండి.

నాలుగో అడుగు: ప్రిజర్వేటివ్ నిజంగా పనిచేస్తోందా?

నీరు ఉన్న ఏ క్రీమ్‌కైనా ఇదే అసలు పరీక్ష, చిన్న బ్రాండ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం.

మన క్రీమ్‌లో 76 శాతం నీరూ రసమూ ఉన్నాయి. అందులో కలబంద చక్కెరలు ఉన్నాయి, వేళ్లతో తీసుకునే డబ్బా నోరు పెద్దది. బ్యాక్టీరియా, బూజు పెరగడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. తయారీదారు అందుకే సోడియం బెంజోయేట్ అర శాతం వేశాడు, అది అనుమతించిన పరిమితిలోనే ఉంది. కాగితం మీద అంతా బాగుంది. ఇప్పుడు క్రీమ్ పీహెచ్ చూడాలి. 5 గ్రాముల క్రీమ్‌ను 45 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కలిపి, 4, 7 బఫర్ ద్రావణాలతో సరిచూసిన పీహెచ్ మీటర్‌ను ముంచితే అది 6.8 చూపించిందనుకుందాం. పీహెచ్ పేపర్ అయితే పసుపు రంగు దానికి అంటుకుని మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది, అందుకే ఈ క్రీమ్‌కు మీటరే కావాలి.

సోడియం బెంజోయేట్ స్వయంగా సూక్ష్మజీవులను చంపదు. ఆమ్ల వాతావరణంలో అది బెంజోయిక్ ఆమ్లంగా మారితేనే సూక్ష్మజీవి కణంలోకి చొచ్చుకుపోగలదు. పీహెచ్ 5 దగ్గర దాదాపు 14 శాతం ఆ రూపంలో ఉంటుంది. 6.8 దగ్గర పావు శాతం మాత్రమే ఉంటుంది. అంటే మనం అర శాతం వేశామని రాసుకున్నా, పనిచేసే భాగం దాదాపు శూన్యం. తాజా క్రీమ్‌ను ల్యాబ్‌కు పంపితే అప్పటికి ఏమీ పెరిగి ఉండదు కాబట్టి నివేదిక బాగానే వస్తుంది. కొనుగోలుదారు ఇంట్లో ఆరు వారాలకు మూత కింద నల్లని చుక్కలు కనిపిస్తాయి, లేదా ఏమీ కనిపించకుండానే లోపల బ్యాక్టీరియా లక్షల్లో ఉంటుంది. రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

సరిచేసే దారులు రెండు. సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.8 దగ్గరకు దించవచ్చు. మన క్రీమ్‌లోని ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఆ పీహెచ్‌ను తట్టుకుంటుంది. కానీ స్టియరిక్ ఆమ్లం, ట్రైఇథనాలమిన్‌తో చేసే వానిషింగ్ క్రీమ్ అయినా, తేనెమైనం, బోరాక్స్‌తో చేసే కోల్డ్ క్రీమ్ అయినా లోపల ఏర్పడే సబ్బు మీద నిలబడతాయి, ఆమ్లం పడగానే విరిగిపోతాయి. అటువంటివాటికి రెండో దారి సరైనది: విస్తృతమైన పీహెచ్‌లో పనిచేసే ఫినాక్సీఇథనాల్ వంటి ప్రిజర్వేటివ్‌ను దాని పరిమితి అయిన 1 శాతం లోపు వాడటం. “మూలికా క్రీమ్‌లో రసాయనమా?” అని కస్టమర్లు అడుగుతారని భయపడి ప్రిజర్వేటివ్ పూర్తిగా తీసేయడం మాత్రం దారి కాదు. వేప నూనె, విటమిన్ ఇ ప్రిజర్వేటివ్‌లు కావు. విటమిన్ ఇ నూనె ముక్కిపోకుండా ఆపుతుంది, బూజును ఆపదు.

సరిచేసిన తర్వాత చేయించాల్సినది ఛాలెంజ్ టెస్ట్. ల్యాబ్‌వారు క్రీమ్‌లోకి కావాలనే బ్యాక్టీరియా, ఈస్ట్, బూజు బీజాలను ఎక్కించి, 28 రోజులపాటు వాటి సంఖ్య ఎలా తగ్గుతుందో లెక్కిస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలోని కఠినమైన కొలమానం ప్రకారం ఏడు రోజుల్లో బ్యాక్టీరియా వెయ్యి రెట్లు తగ్గి, 28వ రోజు వరకు మళ్లీ పెరగకూడదు. ఇది కాస్త ఖరీదైన పరీక్ష, ప్రతి బ్యాచ్‌కూ అవసరం లేదు. ఫార్ములా ఖరారైనప్పుడు ఒకసారి, ఫార్ములాలోనో ప్యాకింగ్‌లోనో మార్పు చేసినప్పుడు మళ్లీ ఒకసారి చేయిస్తే చాలు. డబ్బు ఒక్క పరీక్షకే ఉందంటే నేను ఇదే చేయించమంటాను.

ఐదో అడుగు: ప్రతి బ్యాచ్‌కూ చేయించాల్సినవి

చర్మ క్రీములకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6608. దాని ప్రకారం పీహెచ్ 4 నుంచి 9 మధ్య ఉండాలి. భార లోహాలు సీసంగా లెక్కిస్తే 20 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 20 భాగాలు, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. గ్రాముకు సూక్ష్మజీవుల మొత్తం సంఖ్య వెయ్యి మించకూడదు, వ్యాధికారక గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా అసలు ఉండకూడదు. వీటికి తోడు కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ముఖ క్రీమ్‌లో అనుకోకుండా చేరిన పాదరసం కూడా 1 పీపీఎం దాటకూడదు. పీహెచ్ విషయంలో ఒక్క మాట గమనించాలి: 6.8 ఈ ప్రమాణం ప్రకారం నిక్షేపంగా పాస్, అయినా పైన చూసినట్టు మన ప్రిజర్వేటివ్‌కు అది పనికిరాదు. ప్రమాణంలో పాస్ కావడం ఒక్కటే చూసుకుంటే ఇలాంటి లోపాలు దొరకవు.

పరీక్షలకు, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న, సౌందర్య సాధనాల పరీక్షలు ఆ గుర్తింపు పరిధిలో ఉన్న ల్యాబ్‌ను ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఇటువంటివి ఉన్నాయి, నమూనాలను పార్సిల్‌లో పంపవచ్చు. ఎండాకాలంలో పంపేటప్పుడు మంచు ప్యాక్‌తో పంపండి, లేకపోతే దారిలోనే క్రీమ్ మారిపోయి నివేదిక మీ బ్యాచ్‌ది కాకుండా పోతుంది. ఫార్ములా దశలో సందేహాలు తీర్చుకోవడానికి కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలలోని అధ్యాపకులను కలవడం మన ప్రాంతపు వారికి ఉన్న మంచి అవకాశం.

తయారీ గదిలోనే చేసుకోగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. రంగు, వాసన, పీహెచ్, చిక్కదనం ప్రతి బ్యాచ్‌కూ మొదటి బ్యాచ్ నమూనాతో పోల్చి రాసుకోవాలి. పసుపు ఉన్న క్రీమ్‌లో రంగు మంచి సూచిక: పీహెచ్ క్షార వైపు జరిగితే పసుపు పచ్చ ఎర్రబారుతుంది, వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది. అందుకే ఈ క్రీమ్‌కు గాజులా పారదర్శకంగా ఉండే డబ్బా కంటే వెలుతురు చొరని డబ్బా సరైనది.

ఆరో అడుగు: వరంగల్ ఎండకు తట్టుకుంటుందా?

ఐఎస్ 6608లో ఉష్ణ స్థిరత్వ పరీక్ష ఉంది. బీకర్ లోపలి గోడకు 20 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందంతో పైనుంచి కిందిదాకా క్రీమ్ పట్టీ రాసి, 37 డిగ్రీల వేడిలో, 60 నుంచి 70 శాతం తేమలో 8 గంటలు ఉంచుతారు. నూనె విడిపోయి అడుగుకు జారకపోతే పాస్. అయితే మే నెలలో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో, ఎండలో నిలిపిన కొరియర్ వ్యాన్‌లో ఇంకా ఎక్కువే. కాబట్టి 37 డిగ్రీల పరీక్ష పాసైందన్న ధీమాతో ఊరుకోలేం.

చేయాల్సింది ఇది. అసలు డబ్బాలోనే నింపిన క్రీమ్‌ను మూడు భాగాలుగా విభజించి, ఒక భాగం గది ఉష్ణోగ్రతలో, ఒకటి 40 డిగ్రీల్లో, ఒకటి 45 డిగ్రీల్లో మూడు నెలలు ఉంచాలి. రెండో వారం, నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం తీసి రంగు, వాసన, పీహెచ్, డబ్బా బరువు నమోదు చేయాలి. బరువు తగ్గుతూ వస్తే మూత నుంచి నీరు ఆవిరవుతోందని అర్థం. పైన సన్నని నూనె పొర కనిపిస్తే ఎమల్షన్ విడిపోతోంది. నూనె ముక్కిన వాసన వస్తే విటమిన్ ఇ సరిపోలేదు. ముగింపులో సూక్ష్మజీవుల లెక్క మళ్లీ చేయించాలి. మూడు నెలల వేగవంతమైన పరీక్ష రెండేళ్ల గడువుకు పూర్తి హామీ కాదు, అందువల్ల తొలి బ్యాచ్‌లకు 12 నెలలే గడువు ఇచ్చి, గది ఉష్ణోగ్రతలో ఉంచిన నమూనాలు అంతకాలం నిలిచాయని చూశాకే పెంచడం సమంజసం.

చర్మంపై మంట, దద్దుర్లు రాకుండా చూసే ప్యాచ్ టెస్ట్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 4011 ఉంది. చర్మ వైద్య నిపుణుల పర్యవేక్షణలో, సమ్మతి ఇచ్చిన వాలంటీర్లపై చేస్తారు. ఇంట్లో నలుగురి మోచేతి లోపలి వైపు రాసి చూడటం మంచి అలవాటే, కానీ దాన్ని ఆధారం చేసుకుని “డెర్మటాలజిస్ట్ పరీక్షించినది” అని రాయకూడదు. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడం మన దేశంలో 2014 నుంచి నిషిద్ధం.

ఏడో అడుగు: ఇప్పుడు లేబుల్

ఇంత పని జరిగాక లేబుల్ రాయడం సులువు, ఎందుకంటే ప్రతి గడిలో నింపడానికి నిజమైన సమాచారం మన దగ్గర ఉంది. రెండు శాఖల నియమాలు ఒకే లేబుల్‌పై కలుస్తాయి. ఒకటి ఔషధ నియంత్రణ సంస్థ అమలుచేసే కాస్మెటిక్స్ నియమాలు, రెండోది తూనికలు కొలతల శాఖ అమలుచేసే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు. చాలామంది మొదటిదాన్ని పాటించి రెండోదాన్ని మరచిపోతారు.

కాస్మెటిక్స్ నియమాలు అడిగేవి ఇవి: ఉత్పత్తి పేరు, తయారీదారు పేరు, తయారీ కేంద్రం పూర్తి చిరునామా, గడువు తీరే నెల, సంవత్సరం, ఇంగ్లిష్ అక్షరం ‘బి’ తర్వాత బ్యాచ్ నంబరు, ‘ఎం’ తర్వాత తయారీ లైసెన్స్ నంబరు, నికర పరిమాణం, పదార్థాల జాబితా. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసి, ఒక శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు. మన క్రీమ్‌లో ఆ వరుస నీరు, నువ్వుల నూనె, కలబంద రసం, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్, గ్లిజరిన్, ఆ తర్వాత మిగిలిన నాలుగు, పీహెచ్ దించడానికి వేసిన సిట్రిక్ ఆమ్లం. చాలా బ్రాండ్లు కలబందను ముందు రాసి నీటిని చివర రాస్తాయి. అది తప్పు, కొనేవారిని తప్పుదారి పట్టించడమే. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ రెండు మూడు పదార్థాల మిశ్రమం కాబట్టి సరఫరాదారు నుంచి విడివిడి పేర్లు తెలుసుకుని అవి రాయాలి. చిన్న ప్యాక్‌లకు జాబితా విషయంలో సడలింపు ఉన్నా, మూలికలకు అలర్జీ ఉన్నవారు చూసేది ఈ జాబితానే కాబట్టి 20 గ్రాముల డబ్బాపైనా రాయమని నా సలహా.

తూనికలు కొలతల శాఖ నియమాల ప్రకారం అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, తయారీ నెల, సంవత్సరం, వస్తువు సాధారణ పేరు, ఫిర్యాదుల కోసం సంప్రదించాల్సిన పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. దీనికి తోడు యూనిట్ ధర కావాలి: 50 గ్రాముల డబ్బా ధర 299 రూపాయలైతే గ్రాముకు 5.98 రూపాయలు అని ముద్రించాలి. ఈ వివరాలు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో తప్పనిసరి, తెలుగు అదనంగా రాసుకోవచ్చు కానీ తెలుగులో మాత్రమే రాస్తే నియమం నెరవేరదు. వాడే విధానం, జాగ్రత్తలు మాత్రం తెలుగులో పెద్ద అక్షరాల్లో రాయడం మన కొనుగోలుదారులకు నిజంగా ఉపయోగపడుతుంది. ప్యాక్ చేసేవారు నియమం 27 కింద తూనికలు కొలతల శాఖలో నమోదు చేయించుకోవాలి, ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు దరఖాస్తు ఇవ్వాలి. వేరొకరు తయారుచేసి మీరు అమ్ముతుంటే “తయారీ” వారి పేరుతో, “మార్కెటింగ్” మీ పేరుతో, రెండూ స్పష్టంగా ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ వివరాల్లో ఎక్కువ భాగం ఉత్పత్తి పేజీలోనూ కనిపించాలి.

జార్‌నూ, దాన్ని పెట్టే అట్టపెట్టెనూ వేరువేరుగా చూడండి. బయటి పెట్టెపై అన్నీ రాసి లోపలి జార్‌పై బ్రాండ్ పేరు మాత్రమే రాయడం చాలా సాధారణంగా కనిపించే లోపం. పెట్టె మొదటి రోజే చెత్తబుట్టలోకి వెళ్తుంది, ఆ తర్వాత దద్దుర్లు వస్తే బ్యాచ్ నంబరు ఎక్కడ దొరుకుతుంది? పేరు, తయారీదారు, గడువు, బ్యాచ్, లైసెన్స్ నంబరు జార్‌పై కూడా ఉండాలి. జార్‌పై ముద్ర నూనె చేతికి చెరిగిపోతుందా అన్నది కూడా చూడాలి: వేలికి కాస్త నువ్వుల నూనె రాసుకుని బ్యాచ్ నంబరుపై పదిసార్లు రుద్దండి. ఇంక్‌జెట్ ముద్రలు కొన్ని ఈ పరీక్షలో మసకబారి పోతాయి.

ఇక వాక్యాలు. “వంద శాతం సహజం”, “రసాయన రహితం” అన్నవి మన క్రీమ్‌కు వర్తించవు, సోడియం బెంజోయేట్, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అందులో ఉన్నాయి కదా. “కలబంద, పసుపుతో” అనడం నిజం. “పారాబెన్ లేదు” అనడం కూడా నిజమే, కొన్న ప్రతి ముడి సరుకు పత్రంలో అది లేదని చూసుకుంటే. “ఏడు రోజుల్లో తెలుపు” అన్నదానికి ఏ పరీక్షా చేయించలేదు కాబట్టి తీసేయాలి. “ఎస్పీఎఫ్” అని రాయాలంటే ఎస్పీఎఫ్ పరీక్ష నివేదిక ఉండాలి. కాస్మెటిక్స్ నియమాలు తప్పుడు అభిప్రాయం కలిగించే వాదనను నిషేధిస్తాయి. 2022లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు ప్రకటనలకూ అదే వర్తింపజేశాయి, మీ తరఫున వీడియో చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ చెప్పే మాటలు కూడా వాటి కిందికే వస్తాయి.

ఎనిమిదో అడుగు: బ్యాచ్ రికార్డు, దాచిన డబ్బాలు

ప్రతి బ్యాచ్‌కు ఒక పేజీ ఉండాలి. అందులో ఏ ముడి సరుకు ఏ లాట్ నుంచి ఎన్ని గ్రాములు తూచారు, ఎన్ని డిగ్రీల్లో కలిపారు, ప్రిజర్వేటివ్ ఎప్పుడు వేశారు, పీహెచ్ ఎంత వచ్చింది, ఎన్ని డబ్బాలు నిండాయి, తూచినవారి, సరిచూసినవారి సంతకాలు ఉండాలి. లేబుళ్లు ఎన్ని ముద్రించారు, ఎన్ని వాడారు, ఎన్ని చింపేశారు అన్నదీ రాయండి, ఎందుకంటే పాత బ్యాచ్ లేబుల్ కొత్త డబ్బాపై అంటుకోవడం జరుగుతూనే ఉంటుంది. ప్రతి బ్యాచ్ నుంచి కనీసం నాలుగైదు మూసిన డబ్బాలను గడువు తీరిన ఆరు నెలల తర్వాత వరకు పక్కన దాచాలి.

ఒక కస్టమర్ ఫోన్ చేసి “క్రీమ్ రాస్తే మండుతోందమ్మా” అన్నప్పుడు మొదట వాడటం ఆపమని చెప్పి, బ్యాచ్ నంబరు అడగండి. రికార్డు తెరిచి, దాచిన డబ్బా తీసి పీహెచ్, వాసన, రంగు చూడండి. అదే బ్యాచ్‌పై రెండో ఫిర్యాదు వస్తే ఆ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపి, దుకాణాల నుంచి డబ్బాలు వెనక్కి తెప్పించి, దాచిన నమూనాను ల్యాబ్‌కు పంపండి. ఎవరికి ఏ బ్యాచ్ అమ్మారో ఆర్డర్ పుస్తకంలో లేకపోతే ఈ పని చేయలేరు, కాబట్టి ఆన్‌లైన్ ఆర్డర్ అయినా, మేడారం జాతర స్టాల్‌లో అమ్మినదైనా బిల్లుపై బ్యాచ్ నంబరు రాసే అలవాటు మొదటి డబ్బా నుంచే మొదలుపెట్టండి.